రెగ్యులర్ ప్లాన్ నుంచి డైరెక్ట్‌కు మారేటప్పుడు ఏ యూనిట్లు ముందు, ఏవి తర్వాత

మా వదిన కావలిలో టీచరు. 2022 జనవరి నుంచి నెలనెలా ఐదో తారీఖున పది వేలు ఒక ఈక్విటీ మ్యూచువల్ ఫండులో సిప్ కడుతోంది. జీతం పడే బ్యాంకులో ఒక అబ్బాయి ఫారం నింపి సంతకం పెట్టించుకున్నాడట. "కమీషన్ ఎంత పోతోంది వదినా?" అని అడిగితే, "ఆ పిల్లోడు నా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు నాయనా, ఊరికే చేసిపెట్టాడు" అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. చేతి నుంచి నిజంగానే ఏమీ ఇవ్వలేదు. ఫండు లోపలి నుంచి రోజూ పోతోందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

మీదీ ఇలాంటి పరిస్థితే అయితే, మధ్యవర్తి ద్వారా కొన్న రెగ్యులర్ ప్లాన్‌లో ఉన్న డబ్బును డైరెక్ట్ ప్లాన్‌కు ఎలా మార్చుకోవాలో ఇక్కడ వరసగా చెబుతాను. మార్చడం పెద్ద పని కాదు. తొందరపడి అన్ని యూనిట్లూ ఒకేసారి మార్చేస్తే గడువుకు ముందే బయటికొచ్చినందుకు పట్టే ఎగ్జిట్ లోడ్, పన్ను రెండూ తగులుతాయి. నా సొంత డబ్బుతో నేను అదే చేశాను. మొత్తం యూనిట్లు అని నొక్కేసి, ఏడాది కూడా నిండని వాయిదాల మీద ఒక శాతం ఊరికే కట్టాను. అందుకే వదిన విషయంలో కాగితం మీద లెక్క వేసుకున్నాకే బటన్ నొక్కాం.

ముందు తేడా ఎక్కడుందో చూడండి

రెగ్యులర్, డైరెక్ట్ అనేవి రెండు వేర్వేరు ఫండ్లు కావు. ఒకే ఫండు, అవే షేర్లు, అదే ఫండ్ మేనేజరు. 2013 జనవరి 1 నుంచి ప్రతి ఫండు కంపెనీ మధ్యవర్తి లేకుండా నేరుగా కొనేవాళ్లకు వేరే ప్లాన్ ఇవ్వాలని సెబీ నియమం పెట్టింది. దానికి ఖర్చు తక్కువ, కాబట్టి ఎన్ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర కూడా విడిగా లెక్క కడతారు.

వదినలాంటి వాళ్లకు కమీషన్ ఎందుకు కనపడదంటే, 2009 ఆగస్టు దాకా కొనేటప్పుడే ఎంట్రీ లోడ్ అని పట్టుకునేవారు. లక్ష పెడితే అందులో రెండు వేల పైచిలుకు అక్కడే తగ్గేది, ఎవరికైనా కనపడేది. దాన్ని సెబీ తీసేసింది. 2018 అక్టోబరులో ముందుగా ఒకేసారి ఇచ్చే కమీషన్లను కూడా ఆపేసింది. ఇప్పుడు ఫండు అమ్మిపెట్టే డిస్ట్రిబ్యూటరుకు వచ్చేది ట్రెయిల్ కమీషన్. మీ డబ్బు ఆ ఫండులో ఉన్నన్నాళ్లూ, ఆ రోజుకున్న విలువ మీద ఇంత శాతం అని వస్తుంది. అది ఫండు ఖర్చులో భాగం. ఎన్ఏవీని ప్రకటించే ముందే ఆ రోజు వాటా తీసేస్తారు. మీ పాస్‌బుక్‌లో గానీ, స్టేట్‌మెంటులో లావాదేవీల వరసలో గానీ అది డెబిట్‌గా ఎక్కడా పడదు.

ఈక్విటీ ఫండ్లలో రెండు ప్లాన్ల ఖర్చుకూ మధ్య తేడా చాలా చోట్ల అర శాతం నుంచి ఒక శాతం వరకూ, కొన్నిట్లో అంతకంటే ఎక్కువగా కూడా ఉంటుంది. వదిన ఫండులో రెగ్యులర్ ఖర్చు 1.75 శాతం, డైరెక్ట్ ఖర్చు 0.75 శాతం. తేడా సరిగ్గా ఒక శాతం.

ఒక శాతమే కదా అనిపిస్తుంది. ఈ శాతం మీరు కట్టిన డబ్బు మీద కాదు, ఆ డబ్బు పెరిగి ఎంతయిందో దాని మీద. ఐదు లక్షలు ఒకేసారి పెట్టి పదిహేనేళ్లు కదపలేదనుకోండి. డైరెక్ట్‌లో ఏడాదికి 11 శాతం, రెగ్యులర్‌లో 10 శాతం చొప్పున పెరిగిందని లెక్క కోసం అనుకుంటే, డైరెక్ట్‌లో సుమారు 23.92 లక్షలు, రెగ్యులర్‌లో సుమారు 20.89 లక్షలు అవుతాయి. మూడు లక్షల పైనే తేడా. మొదటి ఏడాది ఆ ఒక శాతం అంటే దాదాపు ఐదు వేలు. డబ్బు ఇరవై లక్షలయ్యాక అదే ఒక శాతం ఏడాదికి ఇరవై వేలు, రోజుకు 55 రూపాయలు. ఫారం నింపింది మాత్రం ఒక్కసారే.

మీది ఏ ప్లానో తేల్చుకోండి

క్యామ్స్ లేదా కెఫిన్‌టెక్ వెబ్‌సైటులోకి వెళ్లి Consolidated Account Statement అడగండి. ఫండ్ల లెక్కలు రాసే రిజిస్ట్రార్లు వీళ్లిద్దరే. ఏ ఒక్కరి దగ్గర అడిగినా అన్ని కంపెనీల ఫండ్లూ ఒకే స్టేట్‌మెంటులో వస్తాయి. Summary కాకుండా Detailed ఎంచుకోండి. తేదీల దగ్గర మీ మొదటి వాయిదా కంటే ముందు నుంచి ఈ రోజు వరకూ పెట్టండి. ఫండులో నమోదైన ఈమెయిల్‌కే పీడీఎఫ్ వస్తుంది. చాలామందికి ఇక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే ఫారం నింపినవాళ్లు తమ ఈమెయిలే రాసేసి ఉంటారు. అలా జరిగితే ముందు ఫండు కంపెనీకి కేవైసీ కాగితాలతో రాసి ఈమెయిల్, ఫోన్ నంబరు మీవి పెట్టించుకోండి. మిగతా పనులన్నీ ఆ తర్వాతే.

స్టేట్‌మెంటు తెరిచాక స్కీము పేరు చూడండి. పేరులో Direct అని ఉంటేనే డైరెక్ట్. కొన్ని పాత స్కీములకు పేరులో Regular అని ఉండదు. Direct అని లేదంటే రెగ్యులరనే అర్థం. పేరు పక్కన Advisor దగ్గర ARN- అని మొదలయ్యే నంబరు ఉంటే అది మీ డిస్ట్రిబ్యూటరు కోడ్.

దీనితో పాటు ఆర్నెల్లకోసారి వచ్చే స్టేట్‌మెంటు ఒకటి ఉంటుంది. అందులో మీ డబ్బు మీద డిస్ట్రిబ్యూటరుకు చెల్లించిన కమీషన్‌ను రూపాయల్లోనే రాయాలని సెబీ 2016లో నియమం పెట్టింది. వదిన మెయిల్‌లో వెతికితే 2024 సెప్టెంబరు వరకు ఆరు నెలలది దొరికింది. అందులో 1,640 రూపాయలని ఉంది. ఆ అంకె మీద వేలు పెట్టి చూపించాను. ఆమె కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివింది. "ఆర్నెల్లకా?" అని మాత్రం అడిగింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. అది దొంగతనం కాదు. చట్టప్రకారం వచ్చే ఆదాయం. నిజంగా పని చేసే డిస్ట్రిబ్యూటర్లు నాకు తెలుసు. 2020 మార్చిలో మార్కెట్ కుప్పకూలినప్పుడు అమ్మేస్తానన్న మనిషిని ఇంటికొచ్చి ఆపినవాళ్లు, ఇంటాయన పోయాక ఆయన భార్యకు యూనిట్లు బదిలీ అయ్యేదాకా తిరిగినవాళ్లు ఉన్నారు. మీకు అలాంటి మనిషి ఉంటే, మీకు సొంతంగా ఫండు ఎంచుకునే ధైర్యం లేకపోతే రెగ్యులర్‌లోనే ఉండండి. ఆ ఒక శాతం ఆ మనిషికి న్యాయంగా దక్కేదే. సంతకం పెట్టించుకున్నాక మూడేళ్లలో ఒక్క ఫోన్ కూడా చేయని చోట మాత్రం మారడమే సరైన పని.

కొత్త డబ్బును ముందు మళ్లించండి

పాత యూనిట్ల సంగతి చూసే ముందు రెగ్యులర్ సిప్ ఆపేసి, అదే స్కీము డైరెక్ట్ ప్లాన్‌లో కొత్త సిప్ పెట్టండి. దీనికి ఎగ్జిట్ లోడ్ లేదు, పన్ను లేదు. సిప్ ఆపడానికి కొన్ని రోజుల ముందు చెప్పాల్సి ఉంటుంది, కాబట్టి తారీఖు దగ్గరపడక ముందే చేయండి. ఫండు కంపెనీ సొంత వెబ్‌సైటులోనో, క్యామ్స్, కెఫిన్‌టెక్ కలిసి నడిపే ఎంఎఫ్ సెంట్రల్ వెబ్‌సైటులోనో ఈ పని అవుతుంది. స్క్రీను మీద మీ స్కీము పేరు చివర Direct Plan - Growth అని ఉందో లేదో చదివి చూసుకోండి. దాని పక్కనే IDCW అని ఇంకొకటి ఉంటుంది. అది మధ్యమధ్యలో డబ్బు పంచే రకం, పొరపాటున దాన్ని నొక్కేవాళ్లు ఉన్నారు.

కాగితం ఫారం ఇస్తుంటే ఏఆర్ఎన్ గడిలో DIRECT అని మీ చేతితోనే రాయండి. గడి ఖాళీగా వదిలి, ఎవరికైనా ఇచ్చి పంపకండి. కోడ్ రాసి ఉండి, ప్లాన్ ఏదో రాయకపోతే ఆ ఫారాన్ని రెగ్యులర్‌గానే తీసుకుంటారు.

చాలామందికి ఉన్న అపోహ ఇంకొకటి. ఫోలియో, అంటే ఫండులో మీ ఖాతా నుంచి డిస్ట్రిబ్యూటరు కోడ్ తీసేయిస్తే డైరెక్ట్ అయిపోతుందనుకుంటారు. కాదు. కోడ్ పోయినా యూనిట్లు రెగ్యులర్ ప్లాన్‌వే, వాటి ఖర్చు రెగ్యులర్ ఖర్చే. యూనిట్లను స్విచ్ చేస్తేనే మారతాయి.

ఎగ్జిట్ లోడ్: ఒక్కో వాయిదాకు ఒక్కో గడువు

ఎగ్జిట్ లోడ్ అంటే గడువు కంటే ముందు బయటికొస్తే పట్టుకునే మొత్తం. ఈక్విటీ ఫండ్లలో ఎక్కువగా కనిపించేది, ఏడాది లోపల అమ్మితే ఒక శాతం. కానీ అన్నీ ఒకలా ఉండవు. కొన్ని స్కీములు ఏడాది లోపల కూడా పది శాతం యూనిట్ల వరకూ లోడ్ లేకుండా వదులుతాయి, కొన్నిటికి గడువు ఇంకా తక్కువ. మీ స్కీముకు ఎంతో డీటెయిల్డ్ స్టేట్‌మెంటులో ఆ స్కీము లావాదేవీల కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒకే స్కీములో రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు మారితే లోడ్ పడుతుందా లేదా అనేది కూడా ఆ స్కీము పత్రంలో చూడండి. డిస్ట్రిబ్యూటరు ద్వారా కొన్న యూనిట్లయితే పడుతుందనే అనుకుని లెక్క వేసుకోవడం మంచిది.

ఈ లోడ్ డిస్ట్రిబ్యూటరుకో కంపెనీకో పోదు. తిరిగి స్కీములోనే జమ అవుతుంది, అంటే అందులో మిగిలిన మదుపరులకు. మీ జేబులోంచి పోయేది మాత్రం పోయినట్టే.

సిప్ కట్టేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. "నేను మొదలుపెట్టి మూడేళ్లయింది, ఇంక లోడ్ ఎక్కడిది?" అంటారు. ప్రతి వాయిదా ఒక కొత్త కొనుగోలు. నిరుడు జూన్‌లో కట్టిన పది వేలకు గడువు ఈ జూన్‌లో తీరుతుంది, పోయిన నెలలో కట్టినదానికి వచ్చే ఏడాది. అమ్మేటప్పుడు లేదా స్విచ్ చేసేటప్పుడు ముందు కొన్న యూనిట్లే ముందు పోతాయి. ఈ ఒక్క నియమం మనకు చాలా ఉపయోగం. పాత వాయిదాల యూనిట్లు ఎన్నో కూడుకుని, సరిగ్గా అన్నే స్విచ్ చేస్తే ఏడాది నిండనివి కదలవు.

స్విచ్ అంటే అమ్మకమే

డబ్బు బ్యాంకులోకి రాకపోయినా ఆదాయపు పన్ను లెక్కలో స్విచ్ అంటే అమ్మి మళ్లీ కొన్నట్టే. 2024 జూలై 23 నుంచి ఉన్న లెక్క ప్రకారం ఈక్విటీ ఫండులో ఏడాది దాటిన యూనిట్ల లాభం మీద 12.5 శాతం, ఏడాది లోపలి వాటి లాభం మీద 20 శాతం పన్ను, దాని మీద నాలుగు శాతం సెస్సు. ఏడాది దాటిన లాభాల్లో ఒక ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల వరకూ పన్ను లేదు. ఈ పరిమితి మీ షేర్లకు, ఈక్విటీ ఫండ్లన్నిటికీ కలిపి. లాభం అంతకంటే ఎక్కువగా ఉంటే మార్చి నెలాఖరు లోపు కొంత, ఏప్రిల్ వచ్చాక కొంత మార్చుకోవచ్చు. రెండు ఆర్థిక సంవత్సరాల పరిమితులూ వాడుకున్నట్టవుతుంది. డెట్ ఫండ్లకు పన్ను లెక్క వేరు, వాటికి ఇది వర్తించదు.

వదిన లెక్క

2025 ఏప్రిల్ 21న కూర్చున్నాం. అప్పటికి నలభై వాయిదాలు, నాలుగు లక్షలు కట్టింది. విలువ దాదాపు 4.90 లక్షలు. అంకెలు కొంచెం గుండ్రంగా చేసి చెబుతున్నాను.

నోటుబుక్కులో ఒక గీత గీసి రెండు భాగాలు చేశాం. 2022 జనవరి నుంచి 2024 ఏప్రిల్ 5 దాకా కట్టినవి 28 వాయిదాలు. వీటన్నిటికీ ఏడాది దాటింది. కట్టింది 2.80 లక్షలు, విలువ 3.64 లక్షలు, లాభం 84 వేలు. ఆర్థిక సంవత్సరం అప్పుడే మొదలైంది, ఆమెకు వేరే షేర్లు లేవు, కాబట్టి 1.25 లక్షల పరిమితి మొత్తం అలాగే ఉంది. ఎగ్జిట్ లోడ్ సున్నా, పన్ను సున్నా.

గీతకు అవతల 2024 మే నుంచి 2025 ఏప్రిల్ దాకా 12 వాయిదాలు. కట్టింది 1.20 లక్షలు, విలువ 1.26 లక్షలు. వీటిని కూడా అదే రోజు మార్చి ఉంటే ఎగ్జిట్ లోడ్ 1,260 రూపాయలు, ఆరు వేల లాభం మీద పన్ను, సెస్సు కలిపి 1,250 వరకూ, అంతా 2,500 దాకా పోయేది. ఆగితే ఎంత పోతుంది? ఆగినన్నాళ్లూ రెగ్యులర్ ఖర్చు ఒక శాతం ఎక్కువ కడతాం. ఈ పన్నెండిటిని రెండు విడతలుగా, నవంబరులో ఏడు, వచ్చే ఏప్రిల్‌లో ఐదు మారిస్తే ఆ అదనపు ఖర్చు వెయ్యి లోపే. ఆగడమే మేలని తేలింది.

మీ లెక్కలోనూ పోల్చాల్సింది ఈ రెండే. ఇప్పుడే మారిస్తే పడే లోడ్, పన్ను ఒకవైపు. ఏడాది నిండేదాకా ఆగితే పడే అదనపు ఖర్చు ఇంకోవైపు. లోడ్ ఒక శాతం, ఖర్చు తేడా కూడా దాదాపు ఒక శాతమే ఉన్న చోట ఆగడమే దాదాపు ఎప్పుడూ గెలుస్తుంది, ఎందుకంటే లోడ్ ఒక్కసారే మొత్తం పడుతుంది, ఖర్చు తేడా మాత్రం ఆగిన నెలలకే.

తర్వాత 28 వాయిదాల యూనిట్లను స్టేట్‌మెంటులో ఒక్కొక్కటిగా కూడాం. ప్రతి వరసలో మూడు దశాంశాల దాకా ఉంటాయి, వదలకండి. వదినకు 7,412.635 వచ్చింది. ఆమె ఒకసారి, నేను ఒకసారి క్యాలిక్యులేటర్ మీద కొట్టాం. ఫండు కంపెనీ వెబ్‌సైటులో Switch తెరిచి, కింద అదే స్కీము Direct Plan - Growth ఎంచుకుని, ఎంత అన్న చోట Units నొక్కి ఆ అంకె కొట్టాం. Amount నొక్కకూడదు. ఆ రోజు ఎన్ఏవీ సాయంత్రానికి గానీ తెలియదు, అది తగ్గితే మీరు చెప్పిన మొత్తం కోసం ఏడాది నిండని యూనిట్లను కూడా తీసుకుంటారు. All Units నొక్కితే ఏమవుతుందో నా అనుభవం చెప్పాను కదా.

ఏడాది నిండిందో లేదో చూసేటప్పుడు బ్యాంకులో డబ్బు కట్ అయిన తేదీ చూడకండి. స్టేట్‌మెంటులో యూనిట్లు పడిన తేదీ చూడండి, సెలవులొస్తే రెండిటికీ తేడా ఉంటుంది. సరిగ్గా ఏడాదినాడు కూడా కాకుండా ఒక వారం అటు వేసుకుంటే టెన్షన్ ఉండదు. మేము ఐదో తారీఖు వాయిదాలను 21న మార్చింది అందుకే.

మర్నాడు కంగారు పడకండి

రెండు రోజులకు వదిన ఫోన్ చేసింది. "నాయనా, ఏడు వేల నాలుగొందలు ఉండాల్సినవి ఆరు వేల ఏడొందల యాభై మూడే ఉన్నాయే!" అని. యూనిట్లు తగ్గుతాయి. డైరెక్ట్ ఎన్ఏవీ ఎక్కువ కాబట్టి అదే డబ్బుకు తక్కువ యూనిట్లు వస్తాయి. రెగ్యులర్‌లో 49.10 ఉన్న రోజు డైరెక్ట్‌లో 53.90 ఉంది. యూనిట్లను ఎన్ఏవీతో గుణించి విలువ చూడండి. స్టాంపు డ్యూటీ, ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను కలిపి ఇరవై పాతిక రూపాయలు తగ్గి మిగతాది సరిపోవాలి. వేలల్లో తేడా ఉంటే ఏడాది నిండని యూనిట్లు పోయి లోడ్ పడిందన్నమాట. స్టేట్‌మెంటులో స్విచ్ వరస దగ్గర చూడండి.

ఇవి మాత్రం కదపకండి

డైరెక్ట్‌లోకి వెళ్లిన యూనిట్లు కొత్తగా కొన్నవే అవుతాయి. ఎగ్జిట్ లోడ్ గడువు మళ్లీ మొదటి నుంచి, పన్నులో ఏడాది లెక్క కూడా మళ్లీ మొదటి నుంచి. కాబట్టి ఏడాది లోపల అవసరమయ్యే డబ్బును స్విచ్ చేయొద్దు. పిల్లల కాలేజీ ఫీజుకో, వచ్చే పంటకు రొయ్య పిల్లా మేతా కొనడానికో పెట్టుకున్నది రెగ్యులర్‌లోనే ఉంచి, అవసరం వచ్చినప్పుడు అక్కడి నుంచే తీసుకోండి. వదిన కూడా కొడుకు హాస్టల్ ఫీజుకు కావాలంటే ఆ డబ్బు విడిగా పక్కన పెట్టుకున్నాకే మిగతాది మార్చాం.

పన్ను మినహాయింపు కోసం పెట్టిన ఈఎల్ఎస్ఎస్ అయితే ఇంకా జాగ్రత్త. మూడేళ్లు నిండిన యూనిట్లే మార్చగలరు, మార్చిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు తాళం పడుతుంది. కొత్త డబ్బు డైరెక్ట్‌లో పెట్టుకుంటూ, పాతది అవసరమైనప్పుడు అమ్ముకోవడమే చాలామందికి నయం.

వచ్చే జూలైలో రిటర్ను వేసేటప్పుడు ఈ స్విచ్‌ను చూపించాలి. పన్ను సున్నా అయినా చూపించాలి, ఎందుకంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గరుండే మీ లావాదేవీల చిట్టా ఏఐఎస్‌లో అది అమ్మకంగా కనిపిస్తుంది. క్యామ్స్, కెఫిన్‌టెక్ వెబ్‌సైట్లలోనే క్యాపిటల్ గెయిన్స్ స్టేట్‌మెంటు దొరుకుతుంది, రిటర్ను వేసేవాళ్లకు అది ఇస్తే చాలు.

వదిన నోటుబుక్కులో గీతకు అవతలి పన్నెండు వాయిదాల పక్కన రెండు తేదీలు రాసి పెట్టాను. 2025 నవంబరు 17, ఏడు వాయిదాలు. 2026 ఏప్రిల్ 20, ఐదు వాయిదాలు. ఆ పేజీని ఆమె ఫోటో తీసి ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకుంది.